చనిపోయిన వ్యక్తికి రావాల్సిన ఆదాయపు పన్ను రిఫండ్: వారసుల చేతికి ఎలా వస్తుంది, ఎక్కడ ఆగుతుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రిటైరైన ఉద్యోగి చనిపోయాక కుటుంబం చేసే పనులకు ఒక వరస ఉంది. ముందు డెత్ సర్టిఫికెట్, తర్వాత ఫ్యామిలీ పెన్షన్, ఆ తర్వాత బ్యాంకులో ఉన్న డిపాజిట్లు, చివరగా ఇల్లు, పొలం. ఈ వరసలో ఆదాయపు పన్ను రిఫండ్‌కు చోటే ఉండదు. బ్యాంకు వడ్డీలోంచి పన్నుగా ముందే కోసుకున్న టీడీఎస్ తిరిగి రావాల్సి ఉందన్న సంగతి ఏడాది తర్వాత ఏ ఆడిటరో చెబితే తెలుస్తుంది. అప్పటికి పెన్షన్ ఖాతా మూసేసి ఉంటారు. ఒక్కోసారి, ఇంకెందుకులే అని పాన్ కార్డు కూడా సరెండర్ చేసేసి ఉంటారు.

చట్టం వైపు నుంచి చూస్తే ఇందులో చిక్కేమీ లేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 238(2) ఈ మాటే చెబుతుంది: రిఫండ్ రావాల్సిన మనిషి మరణం వల్ల దాన్ని అడగలేకపోతే, అతని చట్టబద్ధ ప్రతినిధికి అడిగే హక్కు, తీసుకునే హక్కు రెండూ ఉంటాయి. సెక్షన్ 159 ప్రకారం చనిపోయిన వ్యక్తి పన్ను బాధ్యతలు కూడా ఆ ప్రతినిధి మీదకే వస్తాయి, అయితే వదిలి వెళ్లిన ఆస్తి మేరకు మాత్రమే. 2025 కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినా, అంతకు ముందు సంవత్సరాల ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది. కాబట్టి హక్కు గురించి సందేహం అక్కర్లేదు. డబ్బు ఆగిపోయేది మూడు చోట్ల: వారసులమని చూపే కాగితం దగ్గర, మరణించిన తేదీ దగ్గర లెక్క తెగ్గొట్టేటప్పుడు, చివరికి ఏ బ్యాంకు ఖాతాలో పడాలన్న దగ్గర. ఒక ఊహా ఉదాహరణ తీసుకుని ఈ మూడూ చూద్దాం.

ఆమదాలవలసలో ఉండే ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు అనుకుందాం. వయసు 72. వైద్యం కోసం విశాఖపట్నం తీసుకెళ్తే అక్కడి ఆసుపత్రిలో 2024 నవంబరు 18న చనిపోయారు. భార్య, హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు, బొబ్బిలిలో కాపురం ఉంటున్న కూతురు, వీళ్లతో పాటు తొంభై దాటిన తల్లి ఉన్నారు. 2024 ఏప్రిల్ నుంచి చనిపోయేదాకా వచ్చిన పెన్షన్ 3,35,000 రూపాయలు. రిటైర్మెంట్ డబ్బుతో వేసిన ఎఫ్‌డీల మీద నవంబరు 18 వరకు వడ్డీ 1,80,000. తనకు పన్ను పడదని బ్యాంకుకు రాసిచ్చే ఫారం 15హెచ్ ఇవ్వలేదు కాబట్టి బ్యాంకు పది శాతం, అంటే 18,000 టీడీఎస్ కోసింది. బ్యాంకుకు మరణం సంగతి మార్చి తర్వాతే తెలియజేశారు. అందుకని నవంబరు 19 నుంచి మార్చి 31 వరకు వచ్చిన 1,05,000 వడ్డీ మీద మరో 10,500 కూడా ఆయన పాన్ మీదే కోశారు. ఒక పాన్ మీద కోసిన పన్నంతా చూపే ఫారం 26ఏఎస్‌లో మొత్తం 28,500 కనిపిస్తుంది.

వారసుల కాగితం

రిఫండ్ అడగాలంటే ముందు ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో వారసులుగా నమోదు కావాలి. దానికి కావాల్సినవి మూడే: చనిపోయినవారి పాన్ కాపీ, డెత్ సర్టిఫికెట్, వారసత్వానికి రుజువు. ఇండెమ్నిటీ లెటర్ ఇష్టమైతే పెట్టవచ్చు. ఆయన పేరు మీద వచ్చిన ఆర్డరు మీద అప్పీలు వేయడానికి నమోదవుతుంటే మాత్రం ఆ ఆర్డరు కాపీ తప్పనిసరి.

డెత్ సర్టిఫికెట్ మరణం జరిగిన చోట ఇస్తారు, నివాసం ఉన్న చోట కాదు. హెడ్మాస్టారి విషయంలో అది గ్రేటర్ విశాఖపట్నం మున్సిపల్ కార్పొరేషన్ నుంచి రావాలి. ఆమదాలవలస మున్సిపాలిటీ చుట్టూ తిరిగితే దొరకదు. ఉత్తరాంధ్రలో పెద్ద జబ్బు చేస్తే విశాఖ వెళ్లడం మామూలే కాబట్టి ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది. సర్టిఫికెట్ చేతికి రాగానే చూసుకోవాల్సింది పేరు. ఆసుపత్రివాళ్లు ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా రాసి పంపేస్తారు. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. రిజిస్ట్రారు దగ్గర దిద్దించుకునే వీలు జనన మరణాల నమోదు చట్టంలోనే ఉంది. ఆ పని మొదట్లోనే చేయించుకుంటే తర్వాత బ్యాంకులో, ట్రెజరీలో, పన్ను శాఖలో ఒక్కోచోట ఒక్కో అఫిడవిట్ రాసుకునే టెన్షన్ తప్పుతుంది.

ఇక వారసత్వ రుజువు. అందరూ అనుకున్నట్టు కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుందనేమీ లేదు. పన్ను శాఖ చాలా కాగితాలను ఒప్పుకుంటుంది: కోర్టు ఇచ్చిన వారసత్వ పత్రం, రెవెన్యూ అధికారులు ఇచ్చిన వారసత్వ పత్రం లేదా బతికున్న కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, రిజిస్టరైన వీలునామా, ప్రభుత్వం ఇచ్చిన ఫ్యామిలీ పెన్షన్ సర్టిఫికెట్, చివరగా బ్యాంకు తన లెటర్‌హెడ్ మీద సీలు, సంతకంతో, మరణం నాటికి నామినీ లేదా జాయింట్ ఖాతాదారు ఫలానా వ్యక్తి అని రాసిచ్చిన లేఖ. వీటిలో ఏదైనా ఒకటి చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువమంది ఆశ్రయించేది తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు పెడితే వీఆర్వో విచారణ చేసి, ఆర్‌ఐ ద్వారా తహసీల్దారుకు పంపుతారు. ఈ విచారణలో ఇంట్లోవాళ్లు చెప్పే పేర్లే కాగితం మీదకు ఎక్కుతాయి. సరిగ్గా ఇక్కడే ఇద్దరి పేర్లు జారిపోతుంటాయి. పెళ్లయిపోయింది కదా అని కూతురి పేరు చెప్పరు. ముసలావిడకు ఇవన్నీ ఎందుకులే అని తల్లి పేరు చెప్పరు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన మగవాడికి భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. హెడ్మాస్టారి స్వార్జితంలో ఈ నలుగురిదీ సమాన వాటా. పేరు వదిలేసిన సర్టిఫికెట్‌ను రిఫండ్ కోసం పోర్టల్ ఒప్పుకోవచ్చు. రేపు అదే కాగితం ఇంటి స్థలం దగ్గర బయటికి తీసినప్పుడు కూతురు అడిగే ప్రశ్నకు మాత్రం జవాబుండదు.

పెన్షనరు కుటుంబానికి అసలు దీనికన్నా దగ్గరి దారి ఉంది. భార్యకు ఫ్యామిలీ పెన్షన్ ఎలాగూ మంజూరవుతుంది. ఆ కాగితం ట్రెజరీ నుంచి వచ్చేస్తే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం రిఫండ్ పనిని ఆపుకోనక్కర్లేదు. ప్రైవేటు ఉద్యోగి, వ్యాపారి, రైతు అయితే ఈ సౌకర్యం ఉండదు. వాళ్లకు బ్యాంకు లేఖ సులువు. కాకపోతే బ్రాంచిలో ఇలాంటి లేఖ ఎవరూ అడిగి ఉండరు కాబట్టి ఏం రాయాలో వాళ్లకీ తెలియదు. ఖాతా నంబరు, ఖాతాదారు పేరు, మరణించిన తేదీ, ఆ తేదీ నాటికి నామినీ పేరు, ఈ నాలుగూ ఉన్న నమూనా రాసుకుని వెళితే పని అవుతుంది. వీలునామా తెలుగులో ఉంటే ఇంగ్లీషులోకో హిందీలోకో అనువదించి, నోటరీ చేయించి, రెండూ కలిపి పెట్టాలి.

పాత చిరునామా గురించి ఒక చిన్న మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాన్‌లో శ్రీకాకుళం జిల్లా అని, తహసీల్దారు సర్టిఫికెట్‌లో వేరే జిల్లా అని ఉంటే ఎవరైనా అడగవచ్చు. తేడాకు కారణం ప్రభుత్వ నోటిఫికేషనే కాబట్టి ఒక్క వాక్యం వివరణ రాసి జతచేస్తే చాలు.

పోర్టల్‌లో నమోదు

నమోదుకు వారసుల్లో ఒకరు ముందుకు రావాలి. ఆ ఒక్కరికీ సొంత పాన్ ఉండాలి, incometax.gov.in లో ఖాతా ఉండాలి, ఆధార్‌కు పనిచేసే ఫోను నంబరు ముడిపడి ఉండాలి. హెడ్మాస్టారి భార్యకు పాన్ లేకపోతే ఆధార్ ఆధారంగా ఇ-పాన్ ఉచితంగా, వెంటనే వస్తుంది. కొడుకు పేరున నమోదు చేయడం సులువుగా కనిపిస్తుంది గానీ ఫ్యామిలీ పెన్షన్ కాగితం, ఎఫ్‌డీ నామినేషన్ రెండూ భార్య పేరుతోనే ఉన్నాయి. రుజువు ఎవరి పేరున ఉందో వారే నమోదు కావడం మేలు. కొడుకు పక్కన కూర్చుని చేయించవచ్చు.

ఆమె తన సొంత పాన్‌తో లాగిన్ అయి Authorised Partners కింద ఉన్న Register as Representative Assessee లోకి వెళ్లి, Create New Request నొక్కి, కేటగిరీగా Deceased (Legal Heir) ఎంచుకోవాలి. ఆయన పాన్, పుట్టిన తేదీ, మరణించిన తేదీ ఇచ్చి, కాగితాలు ఎక్కించి, తన ఫోనుకు వచ్చే ఓటీపీతో సమర్పించాలి. శాఖ పరిశీలించి మామూలుగా వారం రోజుల్లోపు ఆమోదిస్తుంది. ఆమోదం వచ్చాక ఆమె లాగిన్‌లోంచే ఆయన ప్రొఫైల్‌కు మారవచ్చు. తిరస్కరిస్తే కారణం కూడా అక్కడే రాస్తారు. సాధారణంగా అది పేరు తేడానో, మసకగా పడిన స్కానో అయి ఉంటుంది. సరిచేసి మళ్లీ పెట్టుకోవచ్చు.

ఇదంతా ఎందుకు, నాన్నగారి ఫోను ఇంట్లోనే ఉంది, పాస్‌వర్డ్ తెలుసు, ఓటీపీ కొడితే అయిపోతుంది కదా అనుకునేవాళ్లు తక్కువేమీ కాదు. చాలాసార్లు అలా డబ్బు వస్తుంది కూడా. కానీ ఆ రిటర్న్ మీద ఉన్న ధ్రువీకరణ, అప్పటికే లేని మనిషి చేసినట్టు నమోదవుతుంది. తర్వాత ఎప్పుడైనా నోటీసు వచ్చి డెత్ సర్టిఫికెట్ చూపించాల్సి వస్తే, తేదీలే ఆ రిటర్న్‌ను తప్పు పడతాయి. వారం రోజుల పనిని తప్పించుకోవడానికి ఇంత ప్రమాదం తెచ్చుకోవడంలో అర్థం లేదు.

మరణించిన తేదీ దగ్గర తెగే లెక్క

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. ఒక మనిషి ఆదాయం అతను బతికున్నంత వరకే అతనిది. ఏప్రిల్ 1 నుంచి నవంబరు 18 దాకా వచ్చిన ఆదాయానికి హెడ్మాస్టారి పాన్ మీద, వారసురాలిగా భార్య రిటర్న్ వేస్తారు. నవంబరు 19 నుంచి వచ్చిన వడ్డీ ఆయనది కాదు. చట్టం లెక్కలో అది ఎస్టేటుది, అంటే ఆయన వదిలి వెళ్లిన ఆస్తిది. ఆస్తిని పంచేదాకా దాని నిర్వహణ చూసే వ్యక్తి పేరున సెక్షన్ 168 కింద విడిగా రిటర్న్ ఉండాలి. చిన్న కుటుంబాల్లో ఇది దాదాపు ఎవరూ చేయరు. డిపాజిట్లు ఎవరికి చేరాయో వారు తమ రిటర్న్‌లో చూపించుకుంటారు. ఇక్కడ మిగతా ముగ్గురూ ఒప్పుకుని ఎఫ్‌డీలు భార్యకే వదిలేశారు కాబట్టి ఆమె చూపుతారు.

ఫారం 26ఏఎస్‌లో మాత్రం ఈ గీత ఉండదు. బ్యాంకుకు తెలిసినంత వరకు పాన్ ఒకటే, కాబట్టి 28,500 అంతా ఒకే చోట ఉంటుంది. గీత మనమే గీయాలి. అందుకు బ్యాంకు నుంచి ఏడాది మొత్తానికి ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ పనికిరాదు. ఏప్రిల్ 1 నుంచి మరణించిన తేదీ వరకు ఒకటి, మర్నాటి నుంచి మార్చి 31 వరకు ఒకటి, విడివిడిగా అడిగి తీసుకోవాలి.

ఇప్పుడు ఆయన లెక్క. పెన్షన్ 3,35,000లో కొత్త పన్ను విధానం కింద స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతుంది. ఏడాది మధ్యలో చనిపోయినా ఈ 75,000ను నెలల లెక్కన తగ్గించరు, పూర్తిగా దొరుకుతుంది. మిగిలింది 2,60,000. వడ్డీ 1,80,000 కలిపితే మొత్తం ఆదాయం 4,40,000. మూడు లక్షలు దాటిన 1,40,000 మీద ఐదు శాతం చొప్పున 7,000 పన్ను. 2024-25 ఆదాయానికి కొత్త విధానంలో ఏడు లక్షల లోపు ఉన్నవారికి సెక్షన్ 87ఏ రిబేటు ఉంది కాబట్టి ఆ 7,000 కూడా పోతుంది. పన్ను సున్నా. కోసిన 18,000 పూర్తిగా వెనక్కి రావాలి.

మిగిలిన 10,500 సంగతి? రెండు అడ్డదారులు ఉన్నాయి, రెండూ అందరికీ తోస్తాయి. మొదటిది, ఆదాయం 1,80,000 మాత్రమే చూపించి టీడీఎస్ మాత్రం 28,500 అడగడం. ఆదాయానికీ టీడీఎస్‌కూ పొంతన లేదని బెంగళూరులోని ప్రాసెసింగ్ సెంటర్ కంప్యూటర్ దాన్ని పట్టుకుంటుంది. రెండోది, వడ్డీ 2,85,000 మొత్తం ఆయనదేనని చూపించి మొత్తం టీడీఎస్ అడగడం. ఇక్కడ పన్ను ఎలాగూ సున్నాయే కాబట్టి ఇది సాఫీగా సాగిపోతుంది. అందుకే దీన్ని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. కానీ చనిపోయాక నాలుగున్నర నెలల పాటు ఆయన సంపాదించినట్టు రిటర్న్ చెబుతుంది, నిజానికి ఆ డబ్బు వచ్చిన భార్య రిటర్న్ చెప్పదు. ఆమెకు వేరే ఆదాయం ఉండి పన్ను పడే స్థితిలో ఉంటే దీన్ని ఆదాయం దాచడం అంటారు.

సరైన దారి ఆదాయపు పన్ను నిబంధనల్లోని 37బీఏలో ఉంది. ఒకరి పాన్ మీద కోసిన టీడీఎస్‌కు సంబంధించిన ఆదాయం మరొకరిదైతే, క్రెడిట్ కూడా ఆ మరొకరికే వెళ్లాలి. దానికి బ్యాంకుకు డిక్లరేషన్ ఇస్తే, బ్యాంకు తన టీడీఎస్ రిటర్న్‌ను సవరించి 10,500ను భార్య పాన్ మీదకు మార్చాలి. బ్రాంచిలో ఈ పని త్వరగా కాదు, కొన్నిచోట్ల అసలు కాదు. అయినా లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఎందుకంటే ఆ తర్వాత వేసే అడుగుకు అదే ఆధారం. హెడ్మాస్టారి పేరున ఐటీఆర్-2 వేసి, టీడీఎస్ షెడ్యూలులో 18,000 సొంతానికి, 10,500 వేరే వ్యక్తి క్లెయిమ్ చేసేదిగా ఆమె పాన్‌తో సహా చూపించాలి. ఆమె తన ఐటీఆర్-2లో 1,05,000 వడ్డీ చూపించి, ఆయన పాన్ పేర్కొని 10,500 క్రెడిట్ అడగాలి. ఐటీఆర్-1లో ఇలా వేరేవాళ్ల పాన్ మీది టీడీఎస్‌ను అడిగే వీలు లేదు. మరణం సంగతి బ్యాంకుకు నవంబరులోనే చెప్పి ఉంటే ఈ తలనొప్పి చాలావరకు తప్పేది.

రిటర్న్ వేసిన ముప్పై రోజుల్లో భార్య తన ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి. 2024-25 ఆదాయానికి రిటర్న్ గడువు తేదీ పొడిగింపుల తర్వాత 2025 సెప్టెంబరు 16 అయింది. ఆలోపు వేసి ఉంటే రిఫండ్ మీద ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం వడ్డీ వస్తుంది. అక్టోబరులో లెక్క తేల్చి ఇంటిమేషన్ పంపారనుకుంటే ఏడు నెలలకు మూడున్నర శాతం, అంటే 630 రూపాయలు. మొత్తం 18,630. గడువు దాటి 2025 డిసెంబరు 31 లోపు వేసి ఉంటే వడ్డీ రిటర్న్ వేసిన రోజు నుంచే లెక్క, పైగా ఈ ఆదాయ స్థాయికి 1,000 రూపాయల ఆలస్య రుసుము కూడా పడుతుంది.

డబ్బు ఏ ఖాతాలో పడాలి

ఇంటిమేషన్‌లో రిఫండ్ అంకె కనిపించగానే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఎక్కువ కేసులు ఆగిపోయేది ఇక్కడ. రిఫండ్ పడాలంటే పోర్టల్‌లో ముందుగా వాలిడేట్ అయిన ఖాతా ఉండాలి. వాలిడేషన్ అంటే ఖాతా మీద ఉన్న పేరు, పాన్, పోర్టల్‌లో ఉన్న పేరు, పాన్‌తో కలుస్తున్నాయా అని బ్యాంకును అడగడం. చనిపోయిన వ్యక్తి ప్రొఫైల్‌లో ఉన్నది ఆయన పేరు, ఆయన పాన్. ఖాతా మూసేస్తే రిఫండ్ వెనక్కి పోతుంది. జాయింట్ ఖాతాలో మొదటి పేరు తీసేసి భార్య పేరు ఒక్కటే ఉంచితే పేరు కలవదు. వారసుల సొంత ఖాతాను ఆయన ప్రొఫైల్‌లో చేర్చబోతే పాన్ తేడా వల్ల అదీ ఆగిపోవచ్చు. ఇలా జరిగిందని తెలుసుకోవడానికి View Filed Returns లో చూడాలి. రిఫండ్ ఫెయిల్ అయిందని, ఎందుకు ఫెయిల్ అయిందో కూడా అక్కడ ఉంటుంది. ఎస్సెమ్మెస్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి, ఎందుకంటే ఆ మెసేజ్ చాలాసార్లు ఆయన పాత నంబరుకే వెళ్తుంది.

అందుకే పనుల వరస ముఖ్యం. మరణం సంగతి బ్యాంకుకు వెంటనే చెప్పాలి, అందులో దాపరికం కూడదు. చెప్పడం వేరు, ఖాతా మూయించడం వేరు. చనిపోయిన ఖాతాదారు పేరున ఇంకా రావాల్సిన డబ్బుల గురించి రిజర్వ్ బ్యాంకు 2005లోనే బ్యాంకులకు సూచన ఇచ్చింది. బ్యాంకులు నామినీ లేదా బతికున్న జాయింట్ ఖాతాదారు దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకుని, ఎస్టేట్ ఆఫ్ ఫలానా అన్న పేరుతో ఖాతా తెరిచి అలాంటి జమలను అందులో వేయవచ్చు, విత్‌డ్రాయల్స్ మాత్రం ఉండవు. లేదంటే ఖాతాదారు మరణించారని రాసి పంపినవారికే తిప్పి పంపవచ్చు. క్లెయిమ్ ఫారం నింపేటప్పుడే రిఫండ్ రావాల్సి ఉందని చెప్పి, ఈ రెండిట్లో మొదటిది అడగాలి. ఇంకా మంచిది, రిటర్న్ వేసి రిఫండ్ జమయ్యాకే పాత ఖాతా తుది క్లెయిమ్ పెట్టుకోవడం. ఎఫ్‌డీల క్లెయిమ్‌కూ దీనికీ సంబంధం లేదు, అవి ముందే తీసుకోవచ్చు.

ఖాతా అప్పటికే మూసేసి ఉంటే ముందు వారసురాలి లాగిన్‌లోంచి ఆయన ప్రొఫైల్‌కు మారి, భార్య ఖాతా చేర్చి చూడాలి. వాలిడేట్ అయితే Services లోని Refund Reissue ద్వారా మళ్లీ పంపమని అడగవచ్చు. కాకపోతే మిగిలింది కాగితం దారి. ముందు ఆయన పాన్ ఏ అసెసింగ్ ఆఫీసర్ పరిధిలో ఉందో పోర్టల్‌లోని Know Your AO లో చూసుకోవాలి. శ్రీకాకుళంలోనే ఉంటుందని అనుకోవద్దు. ఉద్యోగ కాలంలో ఎక్కడో పనిచేసి, పాన్ అక్కడి చిరునామాతో తీసుకుంటే ఫైలు అక్కడే ఉండిపోయి ఉంటుంది. ఆ అధికారికి రాసే దరఖాస్తుకు ఇంటిమేషన్ కాపీ, వారసుల నమోదు ఆమోదం, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పాత ఖాతా మూసేసినట్టు బ్యాంకు లేఖ, భార్య ఖాతా క్యాన్సిల్డ్ చెక్కు జతచేయాలి. దానితో పాటు కొడుకు, కూతురు, తల్లి ముగ్గురూ స్టాంపు పేపరు మీద నోటరీతో ఇచ్చిన అభ్యంతరం లేదన్న పత్రం, తర్వాత ఎవరైనా హక్కు అడిగితే బాధ్యత నాదేనని భార్య రాసిన ఇండెమ్నిటీ బాండ్ పెట్టాలి. ఇవి అడగకముందే ఇచ్చేస్తే ఫైలు ఒక్కసారిలో కదులుతుంది. హైదరాబాదు కొడుకు పండక్కి ఊరొచ్చినప్పుడే ఈ సంతకాలు పెట్టించుకోవడం తెలివైన పని. దరఖాస్తు ఇచ్చిన రోజే పోర్టల్‌లో Grievances కింద కూడా అదే విషయం రాస్తే ఒక నంబరు వస్తుంది, తర్వాత అడగడానికి అది పనికొస్తుంది.

ఖాతా తప్పు వల్ల ఆలస్యమైన కాలానికి శాఖ అదనపు వడ్డీ ఇవ్వదు, ఆ ఆలస్యం మన వైపుది కాబట్టి. ఒకవేళ ఇంటిమేషన్‌లో అంకె సరిగ్గా ఉండి జమయింది తక్కువైతే, ఆయనకు పాత సంవత్సరాల బకాయి ఏదైనా ఉండి దానికి సర్దుబాటు చేశారేమో చూడాలి. ఆ బకాయి తప్పుడుదైతే అభ్యంతరం చెప్పే హక్కు వారసులకు ఉంది.

వచ్చిన 18,630 భార్య ఖాతాలో పడినంత మాత్రాన అది ఆమె ఒక్కదానిది అయిపోదు. సెక్షన్ 238(2) ఆమెను తీసుకోనిస్తుంది, చనిపోయినవారి ఆస్తి తరఫున. నామినేషన్ అనేది సొత్తు హక్కు ఇవ్వదని సుప్రీంకోర్టు 1983లోనే ఒక బీమా కేసులో చెప్పింది. ఇంత చిన్న మొత్తానికి పంపకాలేమిటని నవ్వుతారు గానీ, ఇదే సూత్రం పెద్ద మొత్తాలకూ వర్తిస్తుంది.

ఏళ్ల తర్వాత తెలిస్తే

ఒక్కోసారి ఆడిటర్ పాత 26ఏఎస్‌లు తీసి చూస్తే, ఆయన బతికుండగానే రిటర్న్ వేయని సంవత్సరాలు బయటపడతాయి. రిటర్న్ గడువు దాటాక అప్‌డేటెడ్ రిటర్న్ అనేది ఒకటుంది కదా అంటారు. దాంతో పన్ను కట్టవచ్చు గానీ రిఫండ్ అడగడానికి వీల్లేదు. మిగిలేది సెక్షన్ 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని అడగడం. 2024 అక్టోబరు 1న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులర్ 11 ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన ఐదేళ్లలోపు ఇది అడగాలి. కోటి రూపాయల లోపు క్లెయిములపై ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనర్ నిర్ణయిస్తారు. ఉదాహరణకు 2021-22 ఆదాయానికి సంబంధించిన టీడీఎస్ కోసం 2028 మార్చి 31 వరకు సమయం ఉంది. దరఖాస్తులో ఆ సంవత్సరం ఎందుకు వేయలేకపోయారో ఆధారాలతో చూపాలి: ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, మంచం పట్టిన కాలానికి డాక్టరు సర్టిఫికెట్. తెలియక వేయలేదు అన్న ఒక్క మాట మీద ఆధారపడితే బలం ఉండదు. అనుమతి వస్తే, ఆ ఆర్డరు నంబరుతో రిటర్న్ వేయాలి. ఇలా ఆలస్యంగా వచ్చే రిఫండ్ మీద వడ్డీ ఇవ్వరు.

ఇవన్నీ పూర్తయ్యేదాకా ఆయన పాన్ సరెండర్ చేయకూడదు. దానికి తొందరపెట్టే తేదీ ఏదీ చట్టంలో లేదు. వారసుల నమోదు, రిటర్న్, రీఇష్యూ అన్నీ ఆ పాన్ మీదే నడుస్తాయి. రిఫండ్ చేతికొచ్చి, పాత ఖాతాల క్లెయిములు ముగిసి, భార్య రిటర్న్‌లో అడిగిన 10,500 కూడా తేలాక, డెత్ సర్టిఫికెట్ జతచేసి అసెసింగ్ ఆఫీసర్‌కు ఒక దరఖాస్తు ఇస్తే పాన్ రద్దు చేస్తారు.